ఇరవై పేజీల పాఠం ఒక్క కాగితంలోకి ఎలా? పదో తరగతి సైన్స్, జీవ ప్రక్రియలు

సుజాత_మారతహళ్లి · శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి, సీబీఎస్ఈ. సైన్సులో ‘లైఫ్ ప్రాసెసెస్’ పాఠం దగ్గర బండి ఆగిపోయింది. పోషణ, శ్వాసక్రియ, రవాణా, విసర్జన అన్నీ ఒకే పాఠంలో కుక్కారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో సుమారు ఇరవై పేజీలు.

పరీక్ష ముందురోజు చూసుకోవడానికి ఒక్క పేజీ నోట్సు చేసుకోమని వాళ్ల టీచర్ చెప్పారట. ఇది కూర్చుని మూడు రోజులు రాసింది. తొమ్మిది పేజీలైంది! పుస్తకంలో ఉన్న వాక్యాలే, కాస్త అక్కడక్కడా తీసేసి, రంగు రంగుల పెన్నులతో. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంది. దాన్ని తగ్గించమంటే "ఏది తీసెయ్యాలమ్మా, అన్నీ ముఖ్యమే కదా" అంటుంది. ఏం చెప్పాలో నాకూ తెలీలేదు.

పోనీ అని నిన్న రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని నేనే ఒక పేజీ రాసిచ్చాను. పొద్దున్నే స్కూలు బస్సెక్కేటప్పుడు చూస్తే అది డైనింగ్ టేబుల్ మీద నీళ్ల సీసా కింద ఉంది. మీ ఇళ్లల్లో ఈ పని ఎలా చేయిస్తున్నారు?

పద్మజ_హెబ్బాళ · శుక్రవారం రాత్రి 10:41

ఏమీ అనుకోకండి గానీ, ఇలాంటివి పిల్లలకి నేర్పకూడదండీ. పట్టుబడితే ఏడాదంతా పోతుంది. మా రోజుల్లో కూడా చొక్కా చేతుల్లో దాచుకుని వెళ్లేవాళ్లు.

సుజాత_మారతహళ్లి · శుక్రవారం రాత్రి 10:44

అయ్యో, చీటీలు కాదండీ బాబూ! ఇంట్లో చదువుకోవడానికి.

పద్మజ_హెబ్బాళ · శుక్రవారం రాత్రి 10:46

ఓ, ‘ఒక్క కాగితంలోకి’ అని చూసి అలా అనుకున్నాను. క్షమించండి 🙏

శ్రీధర్_కోరమంగళ · శుక్రవారం రాత్రి 11:05

సుజాత గారూ, ఇది చాలా తేలిక. నేను ఇంజినీరింగు అంతా ఇలాగే గట్టెక్కాను. ముందు పుస్తకంలో ముఖ్యమైన వాక్యాలకి హైలైటర్ కొట్టాలి. తర్వాత వాటిని గుర్తులుగా మార్చెయ్యాలి. వాక్యాలు రాయకూడదు, బాణాలు, సమానం గుర్తులు, పొట్టి అక్షరాలు. ఉదాహరణకి రవాణా మొత్తం రెండు లైన్లు:

ధమని = మంచి రక్తం
సిర = చెడు రక్తం

కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ కలిపి ఒక లైను: పగలు CO₂ లోపలికి, రాత్రి O₂ లోపలికి. అయిపోయింది. ఇలా నాలుగు విభాగాలకీ పదిహేను లైన్లు దాటవు.

లావణ్య_వేళచ్చేరి · శనివారం ఉదయం 7:15

చెన్నై నుంచి. మా తమ్ముడు నీట్‌కి చదువుతున్నాడు. వాడూ ఇలాగే పాఠానికో పేజీ అని గోడంతా అంటించాడు. మొదటి మాక్ టెస్టులో బోల్తా పడ్డాడు. అక్కడ పుస్తకంలో ఏ మూలో ఉన్న వాక్యాన్ని పట్టుకుని అడుగుతారు, ఆ వాక్యం వీడి పేజీలో ఉండదు. ఇప్పుడు గోడ మీదవన్నీ పీకేసి మళ్లీ పుస్తకమే చదువుతున్నాడు. కాబట్టి ఒక్క పేజీని నమ్ముకోకండి అక్కా.

రామం_మాస్టారు · శనివారం ఉదయం 8:30

అమ్మా సుజాతా, నేను అనంతపురం జిల్లాలో హైస్కూలు పిల్లలకి ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికపట్టు.

మీ అమ్మాయి అన్నీ ముఖ్యమే అంటోంది చూడు, అది అబద్ధం కాదు. పుస్తకం తెరిచి ముందు పెట్టుకుంటే ఎవరికైనా అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి. అందుకే ఆ పేజీ మొదలుపెట్టేటప్పుడు పుస్తకం మూసి ఉండాలి. ఒక తెల్ల కాగితం ఇచ్చి, పాఠంలో గుర్తున్నదంతా పావుగంటలో రాయమను. వరస అక్కర్లేదు, అందం అక్కర్లేదు. పావుగంట అయ్యాక పుస్తకం తెరిచి, రాయనివాటినీ తప్పు రాసినవాటినీ ఎర్ర పెన్నుతో ఆ కాగితం మీదే చేర్చమను. ఆ ఎర్రగా ఉన్నదే నీ కూతురి ఒక్క పేజీకి సరుకు. నల్లగా ఉన్నది అమ్మాయికి వచ్చేసింది. ఆ నల్లవాటికి పేజీలో ఒక్కో మాట చాలు, తలుపు తీసే గొళ్లెంలాగ.

పాఠంలో పోషణకి ఎక్కువ పేజీలు ఉన్నాయి కదా అని నోట్సులో కూడా ఎక్కువ చోటు ఇవ్వనక్కర్లేదు. ఇద్దరు పిల్లల ఒక్క పేజీలు ఒకలా ఉండవు. ఉంటే ఒకరు రెండోవాళ్ల దగ్గర కాపీ కొట్టినట్టే. నువ్వు రాసిచ్చిన పేజీ నీళ్ల సీసా కింద మిగిలిపోవడానికి కూడా కారణం ఇదే అయ్యుండొచ్చు. అది నీకు గుర్తులేనివాటి పేజీ, అమ్మాయికి గుర్తులేనివాటిది కాదు.

శ్రీధర్ గారూ, బాణాలు, పొట్టి గుర్తులు మంచి పనే, నేనూ చేయిస్తాను. కానీ మీరు రాసిన మూడు లైన్లలో మూడూ తప్పులయ్యాయి. కోపం తెచ్చుకోకండి, ఇది నాకు ఏటా ఇరవై ముప్పై జవాబుపత్రాల్లో కనిపించే తప్పు. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లేది పుపుస ధమని. పేరుకి ధమనే, అందులో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. ఊపిరితిత్తుల నుంచి గుండెకి వచ్చేవి పుపుస సిరలు. వాటిలో ఉండేది ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం. ‘ధమని = గుండె నుంచి బయటికి, సిర = గుండెలోకి’ అని రాసుకోండి. ఇదీ అంతే పొట్టిగా ఉంది, ఎక్కడా తప్పదు. పరీక్షలో అడిగేది కూడా సరిగ్గా ఆ పుపుస ధమని గురించే. పైగా మంచి, చెడు అన్న మాటలు మనం వాడుకలో అంటాం గానీ జవాబులో రాస్తే దిద్దేవాళ్లు మెచ్చరు.

రెండోది, మొక్క రాత్రే కాదు, పగలూ శ్వాసిస్తుంది. పగలు శ్వాసక్రియలో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అక్కడికక్కడే కిరణజన్య సంయోగక్రియకి ఖర్చైపోయి, బయటికి ఆక్సిజన్ మాత్రమే కనిపిస్తుంది.

పాఠాన్ని కుదించేటప్పుడు జరిగే ప్రమాదం ఇదే. వాక్యం పొట్టిదైనప్పుడు మొదట రాలిపోయేది ‘తప్ప’, ‘కూడా’, ‘మాత్రమే’ లాంటి చిన్న మాటలు. అవి పోతే మిగిలిన వాక్యం చూడ్డానికి బాగుంటుంది, తప్పుగా ఉంటుంది.

శ్రీధర్_కోరమంగళ · శనివారం ఉదయం 9:02

పుపుస ధమని పూర్తిగా మర్చిపోయాను మాస్టారూ. ఒప్పుకుంటున్నాను. కానీ హైలైటర్ మాత్రం వదలను 😄

సుజాత_మారతహళ్లి · శనివారం ఉదయం 9:10

మాస్టారూ, పాదాభివందనం. ఇవాళే చేయిస్తాను. కానీ ఒక సందేహం. ఎర్రవన్నీ కలిపినా ఒక పేజీలో పట్టకపోతే?

రామం_మాస్టారు · శనివారం ఉదయం 9:48

మొదటిసారి పట్టదమ్మా. ఎందుకంటే విడివిడిగా రాస్తే ప్రతిదానికీ మళ్లీ పరిచయం రాయాలి. ఒకే దారిలో గుచ్చితే ఆ పరిచయాలన్నీ అక్కర్లేకుండా పోతాయి. ఈ పాఠానికి నేను వాడే దారి చెప్తాను.

మీ వీధి దర్శిని హోటల్లో ఇడ్లీ తింటారు కదా. ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి. బియ్యంలో పిండిపదార్థం, మినపప్పులో ప్రోటీను, నెయ్యిలో కొవ్వు. మూడూ ఒక్క ముద్దలో ఉన్నాయి. ఆ ముద్ద వెంట వెళ్లడమే నోట్సు.

నోట్లో లాలాజలం, అందులో అమైలేజ్, అది పిండిపదార్థం పని మొదలుపెడుతుంది. జీర్ణాశయంలో మూడు: ఆమ్లం, పెప్సిన్, మ్యూకస్. ఇక్కడ మూడు పేర్లు రాసి ఊరుకోకూడదు, వాటి మధ్య సంబంధం రాయాలి. పెప్సిన్ ప్రోటీను మీద పనిచెయ్యాలంటే ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లం నుంచి జీర్ణాశయం గోడని కాపాడేది మ్యూకస్. రెండు బాణాలతో అయిపోతుంది. చిన్నపేగులో కాలేయం నుంచి పైత్యరసం వచ్చి, ఆమ్లాన్ని విరిచి క్షారంగా మారుస్తుంది, నెయ్యి బొట్లని చిన్న చిన్న తుంపరలుగా విడగొడుతుంది. క్లోమరసంలోని ట్రిప్సిన్ ప్రోటీన్లకి, లైపేజ్ ఆ తుంపరలకి. పైత్యరసంలో ఎంజైము లేదు అని పక్కన ఒక మాట. పేగు గోడకున్న విల్లై నుంచి రక్తంలోకి.

ఇప్పుడు ముద్దలోని పిండిపదార్థం గ్లూకోజ్ అయింది. రక్తంలో ఎక్కింది కాబట్టి ఇక్కడే గుండె వచ్చేస్తుంది, రవాణాకి వేరే శీర్షిక అక్కర్లేదు. కణంలోకి చేరాక సైటోప్లాజంలో పైరువేట్. అక్కడినుంచి దారి మూడుగా చీలుతుంది. ఆక్సిజన్ ఉంటే మైటోకాండ్రియాలో కార్బన్ డయాక్సైడ్, నీరు, బోలెడు శక్తి. ఈస్ట్‌లో ఆక్సిజన్ లేకుండా ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్. పరుగెత్తే మన కండరంలో ఆక్సిజన్ చాలనప్పుడు లాక్టిక్ ఆమ్లం, దానివల్లే పిక్కలు పట్టేస్తాయని పుస్తకం అంటుంది. చివరికి కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకి, మినపప్పు ప్రోటీను వాడకంలో మిగిలిన నత్రజని కాలేయంలో యూరియాగా మారి మూత్రపిండాలకి.

చూశావా, నాలుగు విభాగాలూ ఒక దారిలో వచ్చేశాయి. ఇది ఏ4 కాగితంలో మూడో వంతు చోటు కూడా తీసుకోదు. మిగతా చోటంతా ఎర్రగా వచ్చినవాటికి.

గుండె బొమ్మ మాత్రం ఈ పేజీలో వెయ్యనివ్వకు. అది వేస్తే సగం పేజీ తినేస్తుంది. నాలుగు గళ్ల పెట్టె గీసి, ఏ గదిలోకి ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని నాలుగు బాణాలు పెడితే చాలు. బొమ్మలు విడిగా, రోజుకొకటి చూడకుండా గీయడం సాధన చెయ్యాలి. నెఫ్రాన్ కూడా అంతే.

వెంకట్_ఇందిరానగర్ · శనివారం ఉదయం 11:30

మాస్టారు చెప్పింది బాగుంది కానీ మౌలికంగా ఒక ప్రశ్న. నేను ఒక సంస్థలో ఉపాధ్యాయులకి శిక్షణ ఇస్తాను. చదువుకునే పద్ధతుల మీద 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పెద్ద సమీక్ష రాశారు. అందులో హైలైట్ చేయడానికీ, సారాంశం రాయడానికీ ఉపయోగం తక్కువ అని తేల్చారు. ఎక్కువ ఉపయోగం ఉన్నవి రెండే అన్నారు: తమని తాము పరీక్షించుకోవడం, చదువుని కొన్ని రోజులకి పరచడం. మరి అలాంటప్పుడు ఒక్క పేజీ కోసం ఇంత అవస్థ ఎందుకు? ఆ టైములో పాత ప్రశ్నపత్రాలు రాయించొచ్చు కదా.

రామం_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 12:20

వెంకట్ గారూ, మీతో నాకు తగువు లేదు. ఆ సమీక్షలో సారాంశానికి తక్కువ మార్కులు రావడానికి ఒక కారణం, చాలామంది పిల్లలకి సారాంశం రాయడం రాదు, ముందు అది నేర్పాలి అని. సుజాత అమ్మాయి తొమ్మిది పేజీలే సాక్ష్యం. నేను చెప్పేది సారాంశం కాదు. పుస్తకం మూసి పావుగంట రాయడం అంటే మీరు చెప్పిన పరీక్షించుకోవడమే, పేరు వేరు.

పేజీ తయారయ్యాక దాన్ని చదవకూడదు. అది ముఖ్యం, ఇందాక చెప్పడం మర్చిపోయాను. కాగితానికి ఎడమపక్క రెండు వేళ్ల వెడల్పు వదిలి, అక్కడ ప్రశ్నలు మాత్రం రాయాలి. కుడిపక్క మడిచేసి, ప్రశ్న చూసి జవాబు పైకి చెప్పాలి. తర్వాత మడత విప్పి చూసుకోవాలి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పేరు మీద ఈ పద్ధతి వాడుకలో ఉందని తర్వాత తెలిసింది. మేం పల్లెటూళ్లో మడత కాగితం అనేవాళ్లం.

వెంకట్_ఇందిరానగర్ · శనివారం మధ్యాహ్నం 12:41

మడతపెట్టి తమని తాము అడిగి చూసుకోవడం అయితే నాకూ సమ్మతమే. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో ఇదే కనిపించింది. ఒక గద్యభాగాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది, రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పిల్లలు మోసపోయేది ఆ అయిదు నిమిషాల దగ్గరే. ఇప్పుడే చదివాం, అంతా వచ్చేసింది అనిపిస్తుంది.

కానీ మొత్తం పేజీ అవసరమా అన్న నా అనుమానం అలాగే ఉంది. ప్రశ్నల జాబితా ఒక్కటీ ఉంటే చాలదా?

రామం_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 12:55

తెలివైన పిల్లకి చాలొచ్చు. కానీ జవాబు తప్పు చెప్పినప్పుడు వెంటనే సరిచూసుకోడానికి కుడిపక్క ఏదో ఉండాలి. ఇరవై పేజీలు వెతకమంటే ఆ రాత్రి ఎవరూ వెతకరు.

సుజాత_మారతహళ్లి · ఆదివారం ఉదయం 11:15

చేయించాను! ఏం జరిగిందో చెప్తాను.

టైమర్ పెట్టి పావుగంట ఇచ్చాను. మొదటి అయిదు నిమిషాలు గోడ వైపు చూస్తూ కూర్చుంది, నాకు గుండె జారిపోయింది. తర్వాత అందుకుంది. పోషణ మాత్రం ముప్పావు పేజీ గడగడా రాసేసింది, ఎంజైములతో సహా. గుండె దగ్గర గదుల పేర్లు అటూ ఇటూ అయ్యాయి. విసర్జన దగ్గర రెండే లైన్లు: "కిడ్నీలు రక్తాన్ని వడకడతాయి. యూరిన్ వస్తుంది." అంతే. మొక్కల గురించి ఒక్క ముక్క లేదు!

తమాషా ఏమిటంటే, దాని తొమ్మిది పేజీల్లో విసర్జనకి పేజీన్నర ఉంది. ఆకుపచ్చ పెన్నుతో నెఫ్రాన్ బొమ్మ కూడా ఉంది. రాసిన చెయ్యి అదే, కానీ ఒక్క ముక్క తలకెక్కలేదు.

తర్వాత ఎర్ర పెన్ను. కొత్త పేజీలో పోషణకి మూడు లైన్లే వచ్చాయి. కాగితంలో దాదాపు సగం విసర్జన, మొక్కలు. "ఇలా ఉండొచ్చా, పాఠంలో అలా లేదు కదా" అని రెండుసార్లు అడిగింది. మాస్టారు చెప్పారు, ఉండొచ్చు అన్నాను. మొత్తం గంటన్నర పట్టింది.

ఒక చోట ఆగిపోయాం. కిడ్నీ దగ్గర ఏ మాట ఉంచాలి, ఏది తీసెయ్యాలి? గ్లోమెరులస్, బౌమన్ క్యాప్సూల్, కలెక్టింగ్ డక్ట్ అని పేర్లు చాలా ఉన్నాయి.

రామం_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 12:10

పేర్లకంటే ముందు ఒక అంకె రాయించు. పుస్తకంలోనే ఉంది. మూత్రపిండాల్లో మొదట వడకట్టేది రోజుకి సుమారు 180 లీటర్లు. బయటికి వచ్చేది ఒకటో రెండో లీటర్లు. పేజీలో ‘180 → 1–2, మిగతాది ఏమైంది?’ అని రాయమను. అన్ని అంకెలూ పేజీలోకి రావాల్సిన పనిలేదు, ఇది మాత్రం రావాలి. ఎందుకంటే ఈ ఒక్క అంకె వేస్తే మిగతా కథంతా దానంతటదే అడుగుతుంది.

అయిదు బిందెలు కాదు, పది బిందెలు నీళ్లు వడకట్టి చెంబెడు మాత్రం పారబోస్తున్నామంటే, మిగతావి తిరిగి రక్తంలోకి పోవాలి కదా. పోయేది నీళ్లొక్కటే కాదు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, లవణాలు. అవి వడపోతలో ఎందుకు కారిపోయాయి? వడకట్టేది జల్లెడలాంటిది, పెద్దవాటిని ఆపుతుంది గానీ చిన్నవాటిలో మంచీ చెడూ చూడదు. తర్వాత పొడుగాటి గొట్టం వెంట వెళ్తుంటే పనికొచ్చేవాటిని రక్తం వెనక్కి తీసుకుంటుంది. గొట్టం అంత పొడుగ్గా, మెలికలు తిరిగి ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు పేర్లు పెట్టండి: జల్లెడ గ్లోమెరులస్, దాన్ని పట్టుకున్న గిన్నె బౌమన్ క్యాప్సూల్, చివర పోగుచేసేది కలెక్టింగ్ డక్ట్. మూడు పేర్లూ మూడు పనుల పక్కన కూర్చున్నాయి.

పేజీ పూర్తయ్యాక ఒక పరీక్ష పెట్టు. ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, దీని గురించి మూడు వాక్యాలు చెప్పు అను. చెప్పగలిగితే ఆ మాట ఉండొచ్చు. చెప్పలేకపోతే ఆ మాట పక్కన ఇంకో మాట పడాలి. సునాయాసంగా అయిదారు వాక్యాలు చెప్తే ఆ మాటే తీసెయ్యొచ్చు.

లావణ్య_వేళచ్చేరి · ఆదివారం మధ్యాహ్నం 1:05

మూడు వాక్యాలు అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. మా తమ్ముడు పదో తరగతిలో ఇలా బాణాల నోట్సు చదివి, పరీక్షలో కూడా బాణాలే రాసొచ్చాడు. జవాబంతా నాలుగు మాటలు. తెలిసీ మార్కులు పోయాయి. స్కూల్లో అడిగితే "వాక్యాలుగా రాయలేదు" అన్నారు.

రామం_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 1:30

లావణ్యా, ఇది నిజమైన లోపమే. సీబీఎస్ఈ సైన్సు పేపర్లో మూడు మార్కుల జవాబు 50 నుంచి 80 మాటలు, అయిదు మార్కులది 80 నుంచి 120 మాటలు ఉండాలని 2023–24 మాదిరి పేపర్లో చెప్పారు. ఒక్క పేజీ గుర్తు తెస్తుంది గానీ వాక్యం రాయడం నేర్పదు. అందుకే ఎడమపక్కనున్న ప్రశ్నల్లో రోజుకి రెండు తీసుకుని పూర్తి జవాబు రాయించాలి. మీ తమ్ముడి నీట్ సంగతి కూడా నువ్వు చెప్పింది సరే. అక్కడ పుస్తకం వాక్యం వాక్యం కావాలి. ఒక్క పేజీ అక్కడ దారి చూపిస్తుంది, పుస్తకానికి బదులు రాదు.

శ్రీధర్_కోరమంగళ · ఆదివారం సాయంత్రం 5:50

మాస్టారూ, ఇడ్లీ దారిలో మొక్కలు ఎక్కడ ఇరికిస్తారు? మొక్క ఇడ్లీ తినదు కదా 😄

రామం_మాస్టారు · ఆదివారం సాయంత్రం 6:25

పట్టుకున్నారు. ఇరకదు. ముప్పై ఏళ్లలో నాకు సరైన అతుకు దొరకలేదు. బియ్యపు గింజలోకి పిండిపదార్థం ఎలా వచ్చింది అని వెనక్కి వెళ్లొచ్చు: ఆకులో తయారై ఫ్లోయెమ్‌లో గింజకి చేరింది, నీళ్లు వేరు నుంచి జైలెమ్‌లో ఆకుకి ఎక్కాయి, కార్బన్ డయాక్సైడ్ పత్రరంధ్రాల్లోంచి వచ్చింది. కొందరు పిల్లలకి ఇది నచ్చింది, కొందరు గందరగోళపడ్డారు. గందరగోళపడేవాళ్లకి కాగితం అడుగున గీత గీసి మొక్కలకి వేరే పట్టీ పెట్టించేవాణ్ణి. బలవంతంగా ఒకే దారిలో కుక్కితే ఆ దారే గుర్తుండదు.

పద్మజ_హెబ్బాళ · ఆదివారం రాత్రి 8:10

చీటీ అనుకున్నదాన్ని, ఇప్పుడు మా మనవడికి చేయిస్తున్నాను. వాడు ఎర్ర పెన్ను వద్దు, తప్పులు దిద్దినట్టుంటుంది అంటున్నాడు. నీలం ఇచ్చాను. ఫర్వాలేదా?

రామం_మాస్టారు · ఆదివారం రాత్రి 8:14

నల్లది కాకపోతే చాలమ్మా.

సుజాత_మారతహళ్లి · మంగళవారం రాత్రి 9:35

ఇంకో సంగతి. ఇవాళ మడత కాగితం పట్టుకుని నేను అడుగుతున్నాను, అది చెప్తోంది. ఇడ్లీ కథ చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, "అమ్మా, చట్నీలో కొత్తిమీర పీచు అరగదు కదా, అది ఏ బాణంలో పోతుంది?" అంది. పెద్దపేగు, తర్వాత బయటికి అన్నాను. "అయితే అది విసర్జన కింద రాయాలా?" అంది. నేను అవునన్నాను. మలమూత్ర విసర్జన అంటాం కదా! అది పుస్తకం తెరిచి, అక్కడ అలా లేదని చూపించింది. మాస్టారూ, ఎవరిది ఒప్పు?

రామం_మాస్టారు · మంగళవారం రాత్రి 9:58

అమ్మాయిదే ఒప్పు. జీవశాస్త్రంలో విసర్జన అంటే కణాల్లో జరిగిన పనుల వల్ల పుట్టిన వ్యర్థాన్ని బయటికి పంపడం. ఆ పీచు రక్తంలోకే ఎక్కలేదు, ఏ కణంలోకీ వెళ్లలేదు. గొట్టంలో ఈ చివర దూరి ఆ చివర బయటికొచ్చింది. కాబట్టి అది పోషణ కథకే చివరి లైను. మన వాడుకలో రెంటికీ ఒకే మాట ఉండటంవల్ల తెలుగు పిల్లలు ఇక్కడ తరచు పడతారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి పుస్తకంలో ఇబ్బంది ఉండదు, ఇంట్లో మనం చెప్పినప్పుడే వస్తుంది.

కాగితంలో ఎక్కడ రాసిందో చూడు. పోషణ లైన్ల చివర రాసిందా, విసర్జన కింద రాసిందా?

సుజాత_మారతహళ్లి · మంగళవారం రాత్రి 10:06

పోషణ చివర రాసింది. పక్కనే బ్రాకెట్లో ‘అమ్మ తప్పు’ అని కూడా రాసుకుంది.